పవర్ బ్యాంక్ స్టేటస్‌లో ఏం రాస్తే జనానికి అర్థమవుతుంది?

డిండి_గట్టు
దేవరకొండలో నాది చిన్న మొబైల్ షాపు. కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, చార్జర్లు, రీచార్జి. పోయిన నెల హైదరాబాద్ వెళ్లి 40 పవర్ బ్యాంకులు తెచ్చాను, ఒక్కోటి 899కి అమ్ముదామని. మూడు వారాలైంది, ఆరే పోయాయి. వాట్సాప్ స్టేటస్‌లో రోజూ పెడుతున్నాను. ఇదిగో నేను పెట్టేది ఇదే:

"10000 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీ. 22.5 వాట్ల ఫాస్ట్ చార్జింగ్. టైప్-సి ఇన్‌పుట్ అవుట్‌పుట్. 12 లేయర్ ప్రొటెక్షన్. ఎల్ఈడీ ఇండికేటర్. ఓన్లీ 899."

డబ్బా మీద ఉన్నదంతా ఉన్నట్టు రాశాను. రోజూ రెండు వందల మందికి పైగా చూస్తారు, ఎవరూ అడగరు. ఇన్నాళ్లలో ఒక్కాయన అడిగాడు, "అన్నా, ఇది ఎన్నిసార్లు ఎక్కుతది?" అని. దానికి నేనే సరిగా చెప్పలేకపోయాను. ఇంకో 34 అలాగే ఉన్నాయి, డబ్బులు అందులో ఇరుక్కున్నాయి. ఎలా రాయాలో చెప్పండి.

పాలమూరు_బస్సు
ఇందులో ఏముంది తమ్మీ. 10000ని 5000తో భాగించు. ఇప్పుడు అందరి ఫోన్లూ 5000వే. "మీ ఫోన్ రెండుసార్లు ఫుల్" అని పెద్ద అక్షరాలతో రాయి. మిగతాదంతా తీసేయి. నేను జడ్చర్ల, షాద్‌నగర్ షాపులకు మాల్ వేస్తాను, అందరూ ఇట్లనే రాస్తారు.

మాటల_మూట
మిగతాదంతా తీసేయమన్నది సగం వరకు ఒప్పుకుంటాను. రెండుసార్లు అనే మాట మాత్రం ఎవరైనా బ్యాటరీ తెలిసినవాళ్లు చూడాలి, నాకు అనుమానంగా ఉంది.

సోల్డరింగ్_అన్న
రెండుసార్లు రాయొద్దు. మహబూబ్‌నగర్‌లో పద్నాలుగేళ్లుగా రిపేర్లు చేస్తున్నా, ఈ మాట నమ్మి కొని "మోసం" అని తెచ్చి నా టేబుల్ మీద పెట్టినవాళ్లు చాలామంది. పవర్ బ్యాంక్‌లో లోపం ఉండదు, రాసిన మాటలోనే లోపం.

డిండి తమ్మీ, ముందు ఒక పని చెయ్. పవర్ బ్యాంక్‌ని తిరగేసి వెనకాల సన్న అక్షరాలు చదువు. రేటెడ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటుంది. అదెంతో చెప్పు.

డిండి_గట్టు
ఫోన్‌లో ఫొటో తీసి పెద్దగా చేసి చూశాను. 6000 ఎంఏహెచ్ అని ఉంది, పక్కన 5 వోల్ట్, 2 ఆంప్ అని ఉంది. ముందు 10000, వెనక 6000. అన్నా నన్నే ముంచారా హోల్‌సేల్‌లో?

సోల్డరింగ్_అన్న
ముంచలేదు. రెండూ నిజమే. లోపలి సెల్లు 10000 ఎంఏహెచ్‌దే, కానీ అది 3.7 వోల్ట్ దగ్గర. కేబుల్‌లోకి వచ్చేది 5 వోల్ట్. వోల్ట్ పెంచితే ఎంఏహెచ్ తగ్గుతుంది. అదే పాలు, గ్లాసు పెద్దదైతే తక్కువ గ్లాసులు అవుతాయి కదా, అంతే. పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. అందుకే లెక్క ఎంఏహెచ్‌లో కాదు, వాట్ అవర్‌లో వేసుకోవాలి.

లోపల: 10 ఆంప్ అవర్ ఇంటూ 3.7, అంటే 37 వాట్ అవర్.
బయటికి వచ్చేది: 6 ఇంటూ 5, అంటే 30.
ఫోన్ బ్యాటరీ: 5000 ఎంఏహెచ్, దాదాపు 3.9 వోల్ట్, అంటే 19 చిల్లర.

30ని 19తో భాగిస్తే ఒకటిన్నర వస్తుంది. కానీ ఫోన్ లోపల కూడా కొంత వేడిగా పోతుంది, కాబట్టి చేతికి వచ్చేది ఒకసారి ఫుల్, ఇంకోసారి పావు నుంచి మూడో వంతు. ఫోన్ వాడుతూ పెడితే ఇంకా తక్కువ.

అడిగినాయనకు చెప్పాల్సిన జవాబు అదీ. ఒకసారి నిండుగా, మళ్లీ ఓ 30 శాతం.

పాలమూరు_బస్సు
లెక్క బాగానే ఉంది కానీ వ్యాపారం లెక్క వేరు అన్నా. ఇతను ఒకసారి అని రాస్తాడు, పక్క షాపువాడు రెండుసార్లు అని రాస్తాడు. కస్టమర్ ఎటు పోతాడు?

కందనూలు_కోడలు
నా దగ్గర ఒకటి ఉంది, ఎగ్జిబిషన్‌లో 499కి కొన్నాను. ఫోన్‌కి పెడితే ఇస్త్రీపెట్టె లెక్క కాలుతుంది, ఇప్పుడు కొంచెం ఉబ్బినట్టు కూడా ఉంది. దీన్ని ఏం చెయ్యాలి? ఇదే రకం బ్యాటరీనా?

సోల్డరింగ్_అన్న
ఈ రోజు నుంచే వాడకు అక్కా. చార్జింగ్ పెట్టకు, నొక్కకు, గుచ్చకు, చెత్తలో వెయ్యకు. మండేవి ఏవీ లేని చోట, పిల్లలకు అందకుండా పెట్టు. తర్వాత పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చెయ్. రిపేర్ చేస్తామంటే ఒప్పుకోకు, ఉబ్బిన సెల్లుకు రిపేర్ ఉండదు.

కందనూలు_కోడలు
సరే అన్నా, ఇప్పుడే ఇంటి బయట గూట్లో పెట్టాను. భయమేసింది.

మాటల_మూట
డిండి గారూ, ఈ అక్క మాట వదలకండి. మీ పోస్టులోని "12 లేయర్ ప్రొటెక్షన్" వెనక ఉన్నది ఈ భయమే. కానీ ఆ మాట చదివినప్పుడు ఈ అక్కకి తన భయం గుర్తొస్తుందా? రాదు. పన్నెండు పొరలంటే పైన ప్లాస్టిక్ ఏమో అనుకుంటారు.

నేను నల్లగొండలో చిన్న షాపులకు పోస్టులు రాసిస్తాను. నా పద్ధతి ఒకటే. డబ్బా మీది ప్రతి మాటకూ ఎదురుగా కస్టమర్ నిలబడి "అయితే నాకేంది?" అని అడిగినట్టు ఊహించుకుంటాను. జవాబు వచ్చాక మళ్లీ అడిగిస్తాను. మనిషి రోజులో ఒక ఘడియ కళ్లముందు కనిపించేదాకా అడుగుతూనే ఉంటాను.

22.5 వాట్లు. అయితే నాకేంది? ఫోన్ తొందరగా ఎక్కుతుంది. అయితే నాకేంది? బస్సుకి అరగంట ఉందనగా పెడితే సగం ఎక్కుతుంది. అయితే నాకేంది? హైదరాబాద్‌లో దిగేసరికి ఫోన్ చచ్చిపోయి ఉండదు, తీసుకెళ్లేవాళ్లకి ఫోన్ చేసుకోవచ్చు.

అక్కడ ఆగాలి. ఇంకో అడుగు వేసి "మీ జీవితమే మారిపోతుంది" అన్నామంటే మళ్లీ ఎవరికీ ఏమీ కనిపించదు. చాలామంది ఇక్కడే తప్పుతారు. మొదట్లో నేను కూడా తప్పాను, "టెన్షన్ లేని ప్రయాణం" అని రాసేదాన్ని. దాన్ని చెప్పులకీ రాయొచ్చు, టికెట్ బుకింగ్‌కీ రాయొచ్చు. మీ వస్తువుకు తప్ప దేనికీ అతకని వాక్యం దొరికిందంటే అది మంచి వాక్యం.

సోల్డరింగ్_అన్న
ఒక్క అడ్డం. "అరగంటలో సగం" అన్నారు చూడండి, అది అన్ని ఫోన్లకూ రాదు. 22.5 అనేది పవర్ బ్యాంక్ ఇవ్వగలిగినంత. ఎంత తీసుకోవాలో ఫోన్ చెబుతుంది. కొన్ని ఫోన్లకు కంపెనీ సొంత ఫాస్ట్ చార్జింగ్ ఉంటుంది, వాటి చార్జర్, వాటి కేబుల్ తప్ప వేరేదానికి ఒప్పుకోవు. అలాంటి ఫోన్ పెడితే ఇదే పవర్ బ్యాంక్ 10 వాట్ల దగ్గర కూర్చుంటుంది. మామూలు సన్న కేబుల్ వాడినా అంతే. కాబట్టి ముందు కొలవాలి, తర్వాత రాయాలి.

మాటల_మూట
ఒప్పుకుంటున్నా. నా వాక్యం ఊహ, కొలత కాదు. డిండి గారు కొలిచి చెబితే ఆ అంకె పెడదాం.

ఆటో_నెం_7
మధ్యలో వస్తున్నా, నేను కొనేవాణ్ణి, అమ్మేవాణ్ణి కాదు. కొండమల్లేపల్లి అడ్డాలో ఆటో నడుపుతా. నాకు ఎన్నిసార్లు ఎక్కుతదనేది రెండో సంగతి. మొదటిది ఏందంటే, రాత్రి ఇంటికి పోయి పెడితే పొద్దున ఆరుకు అది నిండి ఉంటదా లేదా? ఇంతకుముందుది నింపడానికి ఎనిమిది గంటలు పట్టేది, అది కూడా దానికి వేరే సన్న పిన్ను వైరు. ఆ వైరు పోయింది, దానితో పవర్ బ్యాంకూ పోయినట్టే అయింది. ఫోన్ వైరుతోనే నిండుతదా ఇది? ఏ పోస్టులోనూ ఇది రాయరు.

మాటల_మూట
డిండి గారూ, మీ పోస్టులో "టైప్-సి ఇన్‌పుట్ అవుట్‌పుట్" అని ఉన్నదానికి అర్థం ఇదే! ఈ అన్న అడిగిన మాటనే జవాబు చేసి పెట్టండి: "మీ ఫోన్ వైరుతోనే ఇదీ నిండుతుంది. వేరే వైరు దాచుకోనక్కర్లేదు." నేను కూర్చుని ఆలోచించినా ఇంత బాగా వచ్చేది కాదు. లాభం ఎక్కడుందో కొనేవాళ్లకే తెలుసు, మనం అడగాలి.

డిండి_గట్టు
నిజమేనన్నా, ఆ ముక్క నాకు తట్టనే లేదు. టైప్-సి అని రాస్తే అందరికీ తెలుసు అనుకున్నా.

సోల్డరింగ్_అన్న
నిండే టైము కూడా చార్జర్‌ని బట్టి ఉంటుంది. 18 వాట్ల చార్జర్ అయితే మూడు, మూడున్నర గంటలు. పాత 10 వాట్ల చార్జర్ అయితే ఐదు గంటలు పైన. ఎట్ల చూసినా రాత్రి పెడితే పొద్దుటికి నిండుతుంది, ఆ మాట ధైర్యంగా రాయొచ్చు. కాకపోతే పరుపు మీద, దిండు కింద పెట్టి నింపొద్దని అమ్మేటప్పుడు నోటితో చెప్పు.

నాగార్జున_నీళ్లు
పాలమూరు బస్సన్న అడిగిందానికి నా కథ చెబుతా. హాలియాలో నాదీ షాపే. రెండేళ్ల కింద టెంపర్డ్ గ్లాసుల మీద 9హెచ్ అని ఉంటే దాన్ని "సుత్తితో కొట్టినా పగలదు" అని మార్చి స్టేటస్ పెట్టాను, సుత్తితో కొట్టే వీడియో కూడా పెట్టాను. నెలలో చాలా పోయాయి, నిజమే. తర్వాత నెల నుంచి ఒక్కొక్కరు పగిలిన గ్లాసు పట్టుకొని రావడం మొదలైంది. "నువ్వే కదా పగలదన్నవు" అంటారు. కొందరికి ఉచితంగా మార్చాను, కొందరితో గొడవైంది. ఒకాయన ఊరంతా చెప్పాడు. ఆ నెల వచ్చిన లాభం మొత్తం మార్చి ఇచ్చిన గ్లాసులకే పోయింది.

తర్వాత తెలిసింది, 9హెచ్ అంటే పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో అంకె. గీతలు పడవని చెబుతుంది, పగలదని కాదు. ఇప్పుడు ఇట్లా రాస్తున్నా: "జేబులో తాళంచెవి ఉన్నా గీతలు పడవు. ఫోన్ కింద పడితే గ్లాసు పగలొచ్చు, కింద స్క్రీన్ దక్కే అవకాశం ఎక్కువ. గ్లాసు 100, స్క్రీన్ 2000 పైన." ఇప్పటిదాకా ఎవరూ గొడవకు రాలేదు. అమ్మకం మొదటి నెలంత లేదు, కానీ ప్రతి నెలా ఉంది.

పాలమూరు_బస్సు
అది గ్లాసు, పగిలితే కంటికి కనిపిస్తది. పవర్ బ్యాంక్ ఎన్నిసార్లు ఎక్కిందో ఎవరు లెక్కపెడతారు?

ఆటో_నెం_7
నేను లెక్కపెడతా అన్నా. రోజూ ఎన్ని శాతం ఉన్నప్పుడు పెట్టిన, ఎంత ఎక్కింది, అన్నీ చూస్తా. మా అడ్డాలో పదకొండు మందిమి. ఒకడు కొంటే మిగతా పది మందికి పొద్దుగూకేసరికి సంగతి తెలుస్తది.

మాటల_మూట
బస్సన్నా, మీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. పక్కనవాడు రెండుసార్లు అని రాస్తే ఇతను నష్టపోయే మాట నిజమే. దానికి నా దారి, ఎన్నిసార్లు అనే పోటీలోకే దిగకపోవడం. సార్లు లెక్కపెట్టే బదులు రోజు లెక్కపెట్టండి. ఆటో అన్నకు ఒకసారి, పైన 30 శాతం అంటే ఏమీ కాదు, "పొద్దున ఆరుకు బయల్దేరి రాత్రి పదికి ఇంటికి వచ్చేదాకా ఫోన్ ఆరిపోదు" అంటే చాలా ఉంది. ఫోన్‌లో నిండుగా ఉన్నదానికి తోడు, దీనిలో ఇంకో నిండు ఉన్నట్టు. అది అబద్ధం కాదు, రెండుసార్లకన్నా బలంగా కూడా ఉంది.

పాలమూరు_బస్సు
హ్మ్. ఇది బాగుంది. కానీ అంకె పూర్తిగా తీసేస్తే ఆన్‌లైన్‌లో పోల్చుకునే పిల్లలు నమ్మరు. 10000 అని చూసే వెతుకుతారు వాళ్లు.

మాటల_మూట
అది మాత్రం మీరు కరెక్ట్. అంకెలన్నీ తీసేయమని నేనూ అనను. లాభం పైన, దాన్ని నిలబెట్టే అంకె ఒకటి కింద. ఐదు అంకెలు పెడితే ఏదీ కనపడదు, ఒకటి పెడితే ఆ ఒకటి కనపడుతుంది.

సోల్డరింగ్_అన్న
10000 రాస్తే పక్కనే 6000 కూడా రాయండి అంటాను నేను. వెనకాల అచ్చులో ఉన్నదే కదా.

నాగార్జున_నీళ్లు
అన్నా, స్టేటస్‌లో 6000 చూస్తే "10000ది కాదా, ఇది చిన్నదా" అని అడుగుతారు. అడిగితే చెప్పడం వేరు, ముందే పెట్టి తికమక పెట్టడం వేరు.

సోల్డరింగ్_అన్న
అడగనివాళ్ల సంగతి? వాళ్లు 10000 చూసి రెండుసార్లు అని మనసులోనే లెక్కేసుకుంటారు. సార్లు రాయకపోయినా ఆ అంకె ఆ అబద్ధం చెబుతూనే ఉంటుంది. నేను ఒప్పుకోను.

మాటల_మూట
అన్న మాటలో బరువుంది. 6000 రాయడం ఇష్టం లేకపోతే కనీసం "5000 ఫోన్‌ని ఒకసారి నిండుగా, ఆపైన ఇంకొంత" అని 10000 పక్కనే ఉండాలి. అప్పుడు చదివినవాళ్లు తప్పు లెక్క వేసుకోరు.

డిండి_గట్టు
రెండు రోజులు కూర్చొని కొలిచాను, రాసుకున్నవి పెడుతున్నా.

నా ఫోన్ 5000 బ్యాటరీది. స్క్రీన్ ఆపి పెట్టాను. 8 శాతం నుంచి 100 దాకా ఎక్కింది, పవర్ బ్యాంక్‌లో ఇంకా ఒక లైటు వెలుగుతోంది. ఫోన్ రోజంతా వాడి 10కి తెచ్చి మళ్లీ పెట్టాను, 46 దగ్గర ఆగిపోయింది. మొత్తం 128 శాతం. సోల్డరింగ్ అన్న లెక్క కాగితం మీద వేసినట్టే వచ్చింది, నాకు ఆశ్చర్యమేసింది.

వేగం: డబ్బాలో వచ్చిన కేబుల్‌తో నా ఫోన్ అరగంటలో 12 నుంచి 48కి పోయింది. మా ఆవిడ ఫోన్‌కి కంపెనీ సొంత ఫాస్ట్ చార్జింగ్. దానికి అదే కేబుల్ పెడితే స్క్రీన్ మీద ఫాస్ట్ అని రాలేదు, అరగంటలో 21 శాతమే ఎక్కింది. అంటే 22.5 వాట్లు అని నేను రాసిన మాట మా ఇంట్లోనే సగానికి అబద్ధం.

సోల్డరింగ్_అన్న
శభాష్ తమ్మీ. ఈ రెండో కొలత ఎవరూ చెయ్యరు. షాపులో 300, 400కి దొరికే చిన్న యూఎస్‌బీ మీటరు ఒకటి పెట్టుకో. కస్టమర్ ఫోన్ పెట్టి చూపిస్తే వోల్టూ ఆంపూ అక్కడే కనిపిస్తాయి. 9 వోల్ట్ చూపిస్తే ఫాస్ట్, 5 దగ్గరే ఉంటే మామూలు. రెండు నిమిషాల పని.

మాటల_మూట
ఆ రెండు నిమిషాల పనే ఒక పోస్టు! "మీ ఫోన్‌కి ఎంత తొందరగా ఎక్కుతుందో షాపుకు వచ్చి మీటరు మీద చూసుకొని కొనండి." ఆన్‌లైన్‌లో ఎవరూ ఈ మాట ఇవ్వలేరు, మీరు ఇవ్వగలరు.

డిండి_గట్టు
రాసినవి చూడండి. ఒక్కో స్టేటస్‌కి ఒక్కో మనిషి అనుకొని రాశాను.

మొదటిది: "ఆటో, డెలివరీ అన్నల కోసం. పొద్దున ఆరుకు బయల్దేరితే రాత్రి ఇంటికి వచ్చేదాకా ఫోన్ ఆరిపోదు. 5000 బ్యాటరీ ఫోన్‌ని ఒకసారి నిండుగా, పైన ఇంకో పావు ఎక్కిస్తుంది. 10000 ఎంఏహెచ్. 899."

రెండోది: "ఫోన్ వైరుతోనే నిండుతుంది. రాత్రి పెట్టండి, పొద్దున తీసుకెళ్లండి. 899."

మూడోది: "చెరువుగట్టు గుడికి అమావాస్య నిద్రకు పోతున్నారా? రాత్రంతా గట్టు మీద ఫోన్ పెట్టడానికి ప్లగ్గు వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో ఇద్దరి ఫోన్లూ సగం సగం ఎక్కించుకోవచ్చు. మోసే బరువు పావు కిలో లోపే."

నాలుగోది: "12 లేయర్ ప్రొటెక్షన్. పేలదు, కాలదు, పూర్తి సేఫ్."

నాగార్జున_నీళ్లు
మూడోది చదవగానే మా అమ్మ గుర్తొచ్చింది. అమావాస్యకు గట్టుకు పోతే పొద్దుటికి ఆమె ఫోన్ కలవదు, మాకు ఒకటే టెన్షన్.

మాటల_మూట
మొదటి మూడూ బాగున్నాయి. మూడోది అన్నిటికన్నా బాగుంది, ఎందుకంటే చోటు ఉంది, రాత్రి ఉంది, ఇద్దరు మనుషులు ఉన్నారు. చిన్న మార్పు: రెండోదానిలో ధర కంటే ముందు "టైప్-సి ఫోన్లకు" అని పెట్టండి, పాత పిన్ను ఫోన్లవాళ్లు వచ్చి ఇబ్బంది పడతారు.

నాలుగోది తీసేయండి. "పేలదు" అనే మాట చదివితే అప్పటిదాకా పేలుతుందని అనుకోనివాళ్లకు కూడా భయం పుడుతుంది.

సోల్డరింగ్_అన్న
భయం సంగతి తర్వాత, అది చేతిలో లేని హామీ. డబ్బాలో కూడా ఆ పన్నెండు ఏమిటో విడివిడిగా రాశారా? చూడు, చాలావాటికి ఉండవు. షార్ట్ అయితే ఆగడం, వేడెక్కితే ఆగడం, నిండితే ఆగడం, ఇలాంటివి కలిపి లెక్కపెడతారు. ఎవరి లెక్క వాళ్లది.

చూపించగలిగింది ఒకటి ఉంది. పవర్ బ్యాంకులకు బీఐఎస్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వెనకాల ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. నీ మాల్‌ది కొట్టి చూశావా?

డిండి_గట్టు
ఇప్పుడే కొట్టి చూశా. వచ్చింది, తయారుచేసినవాళ్ల పేరూ డబ్బా మీదిదే. గుండె ఇక్కడికి వచ్చింది అన్నా, రాకపోతే 34 ముక్కలు ఏం చేసేవాణ్ణి.

కందనూలు_కోడలు
నా ఉబ్బినదాని వెనక అసలు ఏ నంబరూ లేదు. ఇదంతా ముందు తెలిస్తే కొనేదాన్ని కాదు. డిండి తమ్ముడూ, నాలుగో పోస్టు దీని మీద రాయి. "కొనేముందు వెనక ఆర్ నంబరు చూడండి, మా దగ్గర చూపించి అమ్ముతాం" అని. 499 కంటే 899 ఎందుకో అప్పుడు నాలాంటివాళ్లకు అర్థమవుతుంది.

మాటల_మూట
అక్కా, నేను రాసి ఉంటే ఇంతకంటే బాగా రాసేదాన్ని కాదు. అదే పెట్టండి డిండి గారూ. దానికి తోడు వారంటీ ఎన్ని నెలలో, పోతే ఎక్కడికి రావాలో ఒక లైను.

డిండి_గట్టు
కంపెనీది ఆరు నెలలు. నా షాపులోనే మార్చి ఇస్తాను, బిల్లు ఉంటే చాలు. అలాగే రాస్తా.

పాలమూరు_బస్సు
ధర విషయంలో మాత్రం నా మాట విను. స్టేటస్‌లో 899 పెట్టకు. "ధరకు మెసేజ్ చెయ్యండి" అని పెడితే మాట కలుస్తది, మాట కలిస్తే అమ్ముకోవచ్చు.

ఆటో_నెం_7
ధర లేకపోతే నేనైతే మెసేజ్ చెయ్యను. ఎక్కువే ఉంటది అనుకొని జరిపేస్తా.

నాగార్జున_నీళ్లు
నాకు రెండు రకాలుగా జరిగింది. కవర్లకు ధర పెడితేనే నడిచింది. ఇయర్‌ఫోన్లకు ధర పెట్టకపోతేనే ఎక్కువ మంది అడిగారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

మాటల_మూట
నేను పెట్టమనే చెబుతాను, కానీ ఇది మీ ఊళ్లో మీరే చూసుకోవాల్సింది. ఒక వారం పెట్టి, ఒక వారం పెట్టక చూడండి. పోస్టు మాత్రం మార్చొద్దు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

డిండి_గట్టు
పది రోజుల తర్వాత వచ్చాను. తొమ్మిది పోయాయి. అందులో నాలుగు గట్టు పోస్టు చూసి వచ్చినవాళ్లు, ముగ్గురు ఆటోవాళ్లు. రోజుకు చూసేవాళ్లు పెరగలేదు, ముందులాగే రెండు వందల చిల్లర. అడిగేవాళ్లు పెరిగారు. ఆర్ నంబరు పోస్టుకు ఎవరూ కొనలేదు కానీ ఎక్కువ మంది పక్కవాళ్లకు పంపింది అదే.

మీటరు తెచ్చాను, 350 పడింది. నిన్న ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. మీటరు మీద చూస్తే అతని ఫోన్ 5 వోల్ట్ దగ్గరే ఉంది. నీ ఫోన్‌కి ఫాస్ట్ రాదు తమ్మీ అని చెప్పేశాను. కొనకుండా వెళ్లిపోయాడు. ఈరోజు పొద్దున వాళ్ల నాన్నను తీసుకొచ్చాడు, ఆయన ఫోన్ పెట్టి చూశాం, 9 వోల్ట్ వచ్చింది, ఒకటి తీసుకున్నారు.

పాలమూరు_బస్సు
ఒక్కడు వచ్చాడు కానీ తిరిగిరానివాళ్లు ఎంతమందో లెక్కపెట్టావా? నేనైతే ఫాస్ట్ మాట ఎత్తకుండా అమ్మేవాణ్ణి. అబద్ధం చెప్పను, అడగందే చెప్పను.

సోల్డరింగ్_అన్న
ఆ అడగనివాళ్లే మళ్లీ నా టేబుల్ దగ్గరికి వస్తారు అన్నా.

ఆటో_నెం_7
డిండి అన్నా, మా అడ్డా ముగ్గురిలో ఒకడు నేనే. పొద్దున 100తో బయల్దేరి, మధ్యాహ్నం 15కి వస్తే పెట్టిన, మ్యాప్ నడుస్తనే ఉంది. 90 దాకా ఎక్కి పవర్ బ్యాంక్‌లో ఒక లైటు మిగిలింది. నువ్వు రాసిన పావు మాకు రాలేదు, మ్యాప్ తినేసింది. రోజు మాత్రం గడిచింది. మిగతావాళ్లకు కూడా అదే చెప్పిన.

డిండి_గట్టు
అయితే ఆటో పోస్టులో పావు తీసేస్తాను. "మ్యాప్ నడుస్తున్నా ఒకసారి దాదాపు నిండుగా" అని మారుస్తాను, రేపు పొద్దున అదే పెడతా. అన్నా, నువ్వు చెప్పిన ఆ 15, 90 అంకెలు అడ్డా పేరుతో రాసుకోవచ్చా?

ఆటో_నెం_7
రాసుకో. అడ్డా పేరు రాయి, నా పేరు వద్దు.